జేపెగ్‌లో ఖాళీకి చోటు లేదు

పెళ్లిళ్ల సీజన్‌లో ఏ డీటీపీ సెంటర్‌కి వెళ్లినా ఈ గొడవ ఒకసారైనా చెవిన పడుతుంది. వధూవరుల ఫొటోలోంచి వెనకున్న గోడనూ కుర్చీలనూ తీసేసి, జంటను మాత్రమే మిగిల్చిన బొమ్మను ఇంట్లో కుర్రాళ్లెవరో ఫోన్‌లో తయారుచేసి పంపుతారు. ఫోన్‌లో చూస్తే శుభ్రంగానే ఉంటుంది. ఆపరేటర్ దాన్ని మెరూన్ రంగు ఫ్లెక్సీ డిజైన్ మీద పెట్టగానే జంట చుట్టూ తెల్లటి పెట్టె ఒకటి ప్రత్యక్షమవుతుంది. “బ్యాక్‌గ్రౌండ్ తీసి పంపలేదండీ” అంటాడు ఆపరేటర్. “తీసే పంపాం, మీరే ఏదో చేశారు” అంటారు పంపినవాళ్లు.

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. బ్యాక్‌గ్రౌండ్ తీసిన మాట వాస్తవం, చేతికొచ్చిన ఫైలులో తెలుపు ఉన్న మాటా వాస్తవం. మధ్యలో ఎక్కడో ఆ బొమ్మ జేపెగ్‌గా సేవ్ అయింది. .jpg అనే తోకతో కనిపించే ఆ ఫైలు రకానికి ‘ఇక్కడ ఏమీ లేదు’ అని రాసుకునే వీలు లేదు. ఏదో ఒక రంగు రాయక తప్పదు. ఆ రంగు ఏదన్నది సాఫ్ట్‌వేర్‌ను బట్టి మారుతుంది. కానీ పెట్టె రావడం అసలు నష్టం కాదు. అసలు నష్టం జుట్టు కొసల దగ్గర, చీర అంచుల దగ్గర జరుగుతుంది. అది తరవాత ఎంత తంటాలు పడ్డా పూర్తిగా బాగుపడదు. ఎందుకో తెలియాలంటే బొమ్మ ఫైలులో ఏముంటుందో కొంచెం చూడాలి.

ఫోన్‌లో కనిపించే ప్రతి ఫొటో లక్షల చుక్కల కూర్పు. వీటినే పిక్సెళ్లంటారు. ఒక్కో పిక్సెల్‌కు ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని మూడు అంకెలుంటాయి. ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా ఉండవచ్చు. మూడూ 255 అయితే తెలుపు, మూడూ 0 అయితే నలుపు. ఈ మూడింటితో కోటిన్నరకు పైగా రంగులు చెప్పవచ్చు గాని, ‘రంగే లేదు’ అని మాత్రం చెప్పలేం. 0, 0, 0 అని రాస్తే అది లేమి కాదు, నలుపు. కాబట్టి పారదర్శకతను చెప్పడానికి నాలుగో అంకె కావాలి. దాని పేరు ఆల్ఫా. ఆల్ఫా 255 అయితే ఆ పిక్సెల్ పూర్తిగా కనిపిస్తుంది, 0 అయితే అసలు కనిపించదు, 128 అయితే సగం తనది, సగం వెనకున్న దృశ్యానిది.

ఈ నాలుగో అంకెకు ఒక పుట్టిన ఊరు, సంవత్సరం ఉన్నాయి. 1977 చివర్లో న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎడ్ క్యాట్‌మల్, ఆల్వీ రే స్మిత్ అనే ఇద్దరు కంప్యూటర్ బొమ్మల మీద పనిచేస్తున్నారు. ఆ రోజుల్లో ఒక వస్తువు బొమ్మను కంప్యూటర్ చేత గీయించాలంటే చాలా సమయం పట్టేది. వెనక దృశ్యం మార్చిన ప్రతిసారీ ముందున్న వస్తువును మళ్లీ గీయించాలంటే ఓపికకు పరీక్షే. అందుకని వస్తువు రంగులతో పాటే, ఏ పిక్సెల్‌ను అది ఎంత మేరకు కప్పుతోందన్న లెక్కనూ ఒకే ఫైలులో దాచుకున్నారు. ఇక ఆ బొమ్మను ఏ దృశ్యం మీదైనా పెట్టుకోవచ్చు. రెండు బొమ్మలను కలిపే సూత్రంలో ఆ లెక్కను గ్రీకు అక్షరం ఆల్ఫాతో గుర్తించారు, ఆ పేరే నిలిచింది. 1984లో లూకాస్‌ఫిల్మ్‌కు చెందిన థామస్ పోర్టర్, టామ్ డఫ్ ఇలా బొమ్మలను కలిపే పద్ధతులన్నిటికీ ఒక గణితాన్ని కూర్చి పరిశోధనా పత్రం ప్రచురించారు. ఈ నలుగురికీ కలిపి 1996లో ఆస్కార్ అకాడమీ సాంకేతిక పురస్కారం దక్కింది. ఈ రోజు సినిమాలోని గ్రాఫిక్స్ షాటైనా, వాట్సాప్ స్టికరైనా ఆ లెక్క మీదే నడుస్తోంది.

మరి ఆల్ఫా పుట్టిన పదిహేనేళ్లకు వచ్చిన జేపెగ్‌లో అది ఎందుకు లేదు?

జేపెగ్ అంటే జాయింట్ ఫొటోగ్రాఫిక్ ఎక్స్‌పర్ట్స్ గ్రూప్. 1986లో ఏర్పడిన నిపుణుల బృందం పేరే వాళ్లు చేసిన ప్రమాణానికీ వచ్చింది. 1992లో ఆ ప్రమాణం వెలువడింది. వాళ్ల ముందున్న పని ఫొటోలను కుదించడం. ఫోన్ లైన్ల మీద, చిన్న డిస్కుల్లో ఫొటోలు ఇమడాలి. కెమెరా లెన్సులోంచి వచ్చే ఫొటోలో ప్రతి చుక్కకూ ఏదో ఒక వెలుగు పడే ఉంటుంది, అందులో ‘ఖాళీ’ అనేదే ఉండదు. ఫొటో కోసం చేసిన ప్రమాణంలో ఖాళీ గురించి ఆలోచన లేకపోవడం వింతేమీ కాదు. ఆ ఏడాదే జేపెగ్ బొమ్మలను ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు మార్చుకోవడానికి జేఫిఫ్ అనే ఒప్పందం కూడా తయారైంది. అది రెండు రకాలకే చోటిచ్చింది: వెలుగు ఒక్కటే ఉన్న నలుపు తెలుపు బొమ్మ, లేదా వెలుగుతో పాటు రెండు రంగు లెక్కలున్న మూడు వరసల బొమ్మ. ఇప్పటికీ మామూలు జేపెగ్‌ల కట్టుబాటు ఇదే.

నిజానికి ప్రమాణాన్ని చదివితే నాలుగో వరస పెట్టకూడదన్న నిషేధం కనిపించదు. నాలుగు వరసల జేపెగ్‌లు ప్రింటింగ్ రంగంలో రోజూ తిరుగుతున్నాయి కూడా. అయితే అక్కడ నాలుగు వరసలూ నాలుగు సిరాలవి: సయాన్, మెజెంటా, పసుపు, నలుపు. అందులో పారదర్శకత పెట్టి ఎవరైనా ఫైలు చేసినా, తెరిచే సాఫ్ట్‌వేర్‌కు దాని అర్థం తెలియదు. ఫైలు రకమంటే రాసేవాడికీ చదివేవాడికీ మధ్య ఒప్పందం. ఆ ఒప్పందంలో లేనిది ఫైలులో ఉన్నా లేనట్టే.

ఇక్కడ తెలివైన పాఠకులకు ఒక ఉపాయం తట్టవచ్చు. నాలుగో అంకె లేకపోతే పోనీ, ఏదో ఒక రంగును, అంటే అచ్చ తెలుపునో చిలకపచ్చనో, ‘ఇది కనబడితే పారదర్శకం అనుకోండి’ అని చెప్పేస్తే సరిపోదా? 1989 నాటి జిఫ్ ఫార్మాట్ చేసింది సరిగ్గా ఇదే. జేపెగ్‌లో అది కుదరదు. జేపెగ్ ఫైలును చిన్నది చేసే మార్గమే అంకెలను కొద్దికొద్దిగా మార్చడం. బొమ్మను ఎనిమిది పిక్సెళ్ల పొడవు, ఎనిమిది పిక్సెళ్ల వెడల్పు ఉన్న గళ్లుగా విడదీసి, ఒక్కో గడిలో కంటికి అంతగా తెలియని సూక్ష్మమైన తేడాలను అది వదిలేస్తుంది. ఫొటోలో అది తెలియదు. కానీ నల్లటి జుట్టు తెల్లటి నేపథ్యాన్ని తాకే గడిలో తెలుపు కచ్చితంగా 255గా మిగలదు. ఒకచోట 251, పక్కన 246, ఇంకోచోట మళ్లీ 255 అవుతుంది. రంగు లెక్కలనైతే చాలా జేపెగ్‌లు రెండేసి వరసలు కలిపి నాలుగు పిక్సెళ్లకు ఒకటే రాస్తాయి. దాంతో ఎర్ర చీర రంగు పక్కనున్న తెలుపులోకి లేతగా ఒలుకుతుంది. కచ్చితమైన రంగు నిలవని చోట ‘ఈ రంగు పారదర్శకం’ అనే నియమం ఎలా నిలుస్తుంది?

సరే, జేపెగ్‌కు ఖాళీ తెలియదు. మరి ఫిల్ తెల్లగానే ఎందుకొస్తుంది, కొన్నిసార్లు నల్లగా ఎందుకొస్తుంది? ఇది జేపెగ్ తీసుకునే నిర్ణయం కాదు, సేవ్ చేసే సాఫ్ట్‌వేర్‌ది. ఫొటోషాప్ జేపెగ్‌గా సేవ్ చేసేటప్పుడు బొమ్మ కింద తెల్ల కాగితం పరిచినట్టు తెలుపు నింపుతుంది. ఉచితంగా దొరికే గింప్ అయితే పనిముట్ల పట్టీలో ఆ సమయానికి బ్యాక్‌గ్రౌండ్ కలర్‌గా ఏది ఎంచుకుని ఉంటే దాన్నే నింపుతుంది. అందుకే గింప్ వాడేవాళ్లకు ఒకరోజు తెలుపు, ఒకరోజు ఏ ఆకుపచ్చో వచ్చి అయోమయంగా ఉంటుంది. వెబ్ బ్రౌజర్‌లో పనిచేసే చాలా ఎడిటింగ్ సైట్లు కాన్వాస్ అనే సదుపాయాన్ని వాడతాయి. దాని ప్రమాణంలోనే స్పష్టంగా ఉంది: పారదర్శకత తెలియని ఫార్మాట్‌లోకి మార్చేటప్పుడు నలుపు మీద పరిచి మార్చాలని. సైటు తయారుచేసినవాళ్లు ముందుగా తెలుపు నింపి ఉంచకపోతే నల్ల పెట్టె ఖాయం.

ఆండ్రాయిడ్ ఫోన్లలో నలుపు రావడానికి ఇంకో కారణముంది. అక్కడ బొమ్మను మెమరీలో పెట్టుకునేటప్పుడు మామూలుగా రంగు అంకెలను ముందే ఆల్ఫాతో గుణించి ఉంచుతారు. బొమ్మలను తెర మీద వేగంగా కలపడానికి ఇది మంచి పద్ధతి. కానీ పూర్తిగా పారదర్శకమైన పిక్సెల్‌కు ఆల్ఫా సున్నా, సున్నాతో ఏది గుణించినా సున్నా. మూడు రంగులూ 0, 0, 0 అవుతాయి. జేపెగ్‌గా రాసేటప్పుడు ఆల్ఫా జారిపోతే మిగిలేది నలుపే.

ఉద్యోగ దరఖాస్తులు నింపేవాళ్లను ఇది నిజంగా ఇబ్బంది పెడుతుంది. ఆన్‌లైన్ ఫారాలు చాలావరకు సంతకాన్ని .jpg ఫైలుగానే అడుగుతాయి. కాగితం మీద సంతకాన్ని ఫొటో తీసి, బ్యాక్‌గ్రౌండ్ తొలగించే యాప్‌లో పెట్టి, సిరా గీతలు మాత్రమే మిగిల్చి, ఆ తరవాత జేపెగ్‌లోకి మారుస్తారు. సంతకం నల్ల సిరాతో చేసింది. నింపిన రంగూ నలుపే అయితే అప్‌లోడ్ అయ్యేది నల్లటి దీర్ఘచతురస్రం ఒక్కటే. గ్యాలరీలో బొమ్మ మాయమైనట్టు కనిపించినా ఫైలు పాడుకాలేదు. నలుపు మీద నలుపు కలిసిపోయింది, అంతే. ఇలాంటి పనికి బ్యాక్‌గ్రౌండ్ తీయడమే అనవసరం. తెల్ల కాగితం మీద మంచి వెలుతురులో తీసిన ఫొటోను కత్తిరించి పంపితే చాలు.

పైథాన్ భాషలో బొమ్మలతో పనిచేసే పిల్లో అనే లైబ్రరీ ఈ విషయంలో నిజాయతీగా ప్రవర్తిస్తుంది. పారదర్శక బొమ్మను జేపెగ్‌గా రాయమంటే ఏ రంగూ తనంతట తాను ఎంచుకోదు. `cannot write mode RGBA as JPEG` అని చెప్పి ఆగిపోతుంది. ఏ రంగు మీద పరచాలో మనిషే చెప్పాలి. అన్ని యాప్‌లూ ఇలాగే ఒక్క ప్రశ్న అడిగి ఆగితే సగం గొడవలు పుట్టవు.

ఆల్ఫాను పక్కన పెట్టి మిగిలిన మూడు అంకెలనే తీసుకుంటే ఇంకో విచిత్రం కూడా జరగవచ్చు. ఆల్ఫా సున్నా అయిన పిక్సెల్ కనిపించదు గాని, దానికీ మూడు రంగు అంకెలుంటాయి. కొన్ని ఎడిటర్లు బ్యాక్‌గ్రౌండ్‌ను చెరిపినప్పుడు ఆల్ఫాను మాత్రమే సున్నా చేసి, పాత రంగులను అలాగే వదిలేస్తాయి. గింప్ పీఎన్‌జీగా ఎగుమతి చేసేటప్పుడు పారదర్శక పిక్సెళ్ల రంగులను దాచాలా వద్దా అని అడిగే టిక్కు గడి ఒకటి పెట్టింది కూడా. అది టిక్కు పెట్టి ఉంటే, చెరిపేశాం అనుకున్న గోడ, గోడ మీది క్యాలెండరు, పక్కనున్న మనిషి అందులోనే ఉంటారు. ఆల్ఫాను ఊడదీసే ఏ చిన్న ప్రోగ్రామ్‌లో తెరిచినా బయటపడతారు. ఇంటి లోపలి దృశ్యాన్నో ఇంకొకరి ముఖాన్నో దాచడం కోసం బ్యాక్‌గ్రౌండ్ తీసేవాళ్లు ఈ సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు అసలు నష్టం దగ్గరికి వద్దాం. పెళ్లికూతురి జుట్టు కొసన ఉన్న ఒక్క పిక్సెల్‌ను తీసుకుందాం. దాని రంగు ముదురు గోధుమ: ఎరుపు 40, ఆకుపచ్చ 30, నీలం 20. వెంట్రుక సన్నం కాబట్టి ఆ పిక్సెల్‌లో సగమే నిండింది, అంటే ఆల్ఫా సగం. పారదర్శకత నిలిచే ఫైలులో ఇది 128, 0, 0 అనే మెరూన్ ఫ్లెక్సీ మీద కూర్చుంటే సగం వెంట్రుక, సగం మెరూన్ కలిసి 84, 15, 10 అవుతుంది. ముదురు ఎరుపు. కంటికి వెంట్రుక మెరూన్‌లోకి సహజంగా కలిసిపోతుంది.

అదే పిక్సెల్‌ను తెలుపు మీద పరిచి జేపెగ్ చేస్తే? 40, 255 సగం సగం కలిస్తే సుమారు 148. అలాగే 30కి 143, 20కి 138. అంటే బూడిద రంగు. ఇక ఆ ఫైలులో ఉన్నది ముదురు వెంట్రుక కాదు, బూడిద చుక్క. దాన్ని మెరూన్ మీద పెట్టి చుట్టూ ఉన్న తెల్ల పెట్టెను ఎంత శ్రద్ధగా కత్తిరించినా ఆ బూడిద చుక్కలు తల చుట్టూ వరసగా మిగులుతాయి. ఫ్లెక్సీల మీద మనుషుల చుట్టూ కనిపించే పాలిపోయిన గీత ఇలా పుట్టిందే. పాలు కలిపిన కాఫీలోంచి పాలను వెనక్కి తీయలేనట్టే, ఆ పిక్సెల్‌లోంచి తెలుపును వెనక్కి తీయలేం. ఎందుకంటే మన చేతిలో ఉన్నవి మూడు అంకెలు, తెలుసుకోవలసినవి నాలుగు. 148, 143, 138 అన్నది సగం కప్పిన ముదురు వెంట్రుక కావచ్చు, పూర్తిగా కప్పిన నెరిసిన వెంట్రుకా కావచ్చు. ఫైలును బట్టి ఏదని తేల్చడం అసాధ్యం.

ఆపరేటర్లు మ్యాజిక్ వాండ్ అనే పనిముట్టుతో తెలుపును ఒక్క నొక్కుతో ఎంచి తీసేయడానికి చూస్తారు. అది ఎంత తేడా ఉన్న రంగులను తెలుపుగా లెక్కించాలో చెప్పే అంకెను టాలరెన్స్ అంటారు. ఫొటోషాప్‌లో మామూలుగా 32 ఉంటుంది. దాన్ని తగ్గిస్తే జేపెగ్ గళ్లలో పుట్టిన 220లు, 215లు అంచుల్లో చుక్కలుగా మిగిలిపోతాయి. పెంచితే పెళ్లికొడుకు తెల్ల పంచె, చొక్కా చెయ్యి కూడా ఖాళీ అయిపోతాయి. మనిషికీ నేపథ్యానికీ ఒకే రంగు ఉన్నప్పుడు, రంగును బట్టి వేరు చేసే ఏ పనిముట్టూ సాయపడదు.

పూర్తిగా వెనక్కి తీసే దారి ఒకటి మాత్రం ఉంది. అదృష్టం కొద్దీ ఒకే బొమ్మ తెల్ల ఫిల్‌తో ఒక ఫైలు, నల్ల ఫిల్‌తో మరో ఫైలు దొరికితే లెక్క కుదురుతుంది. పై పిక్సెల్ తెలుపు మీద 148, నలుపు మీద 20 వచ్చిందనుకుందాం. తేడా 128. వెంట్రుక పిక్సెల్‌ను పూర్తిగా కప్పి ఉంటే తేడా సున్నా, అసలు కప్పకపోతే 255. 128 వచ్చింది కాబట్టి సగం కప్పింది. నలుపు మీద వచ్చిన 20 అసలు రంగులో సగమని తేలింది, కనుక అసలు రంగు 40. సరిగ్గా మనం మొదలుపెట్టిన అంకె. ఆల్ఫా కనిపెట్టిన ఆల్వీ రే స్మిత్, జిమ్ బ్లిన్‌తో కలిసి 1996లో సినిమా నీలి తెరల గురించి రాసిన పత్రంలో ఈ సూత్రం ఉంది: ఒకే వస్తువును రెండు నేపథ్యాల ముందు చూస్తే దాని పారదర్శకతను కచ్చితంగా లెక్కగట్టవచ్చు. జేపెగ్ కుదింపు వల్ల అంకెలు అటూ ఇటూ కదిలి ఉంటాయి కాబట్టి ఇక్కడ ఫలితం కొంచెం గరుకుగానే వస్తుంది. అయినా చేత్తో కత్తిరించిన దానికంటే నయం.

మరి పారదర్శకతను నిలిపే ఫార్మాట్లేవి? మొదట చెప్పుకున్న జిఫ్‌తో మొదలుపెడితే, అది నిలుపుతుంది గాని సగమే. అందులో ఒక పిక్సెల్ పూర్తిగా ఉంటుంది, లేదా అసలు ఉండదు. సగం వెంట్రుక అనే మాటే లేదు. పైగా ఒక బొమ్మలో 256 రంగులే. అందుకే జిఫ్ బొమ్మల అంచులు రంపపు పళ్లలా కనిపిస్తాయి.

జిఫ్‌లో వాడిన కుదింపు పద్ధతి మీద యూనిసిస్ కంపెనీకి పేటెంటు ఉండటంతో, 1994 డిసెంబరు చివర్లో జిఫ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్లకు రుసుము కట్టాలన్న ప్రకటన వెలువడింది. దానికి జవాబుగా కొద్ది రోజుల్లోనే ప్రోగ్రామర్లు ఇంటర్నెట్‌లో చర్చించుకుంటూ కొత్త ఫార్మాట్‌ను మొదలుపెట్టారు. అదే పీఎన్‌జీ. 1996 అక్టోబరులో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం దాన్ని సిఫారసు చేసింది. ప్రతి పిక్సెల్‌కూ పూర్తి ఆల్ఫా ఇవ్వడమే కాదు, కుదింపులో ఒక్క అంకె కూడా మారనివ్వదు. ఎన్నిసార్లు తెరిచి సేవ్ చేసినా వెంట్రుక వెంట్రుకగానే ఉంటుంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 ఈ ఆల్ఫాను సరిగ్గా చూపించలేకపోవడం వల్ల వెబ్‌సైట్లలో పీఎన్‌జీ చాలాకాలం పూర్తిగా వాడుకలోకి రాలేదు. 2006లో వచ్చిన ఏడో వెర్షన్‌తో ఆ చిక్కు తీరింది. కటౌట్‌ను ఒకరి నుంచి ఒకరికి పంపుకోవడానికి ఇప్పటికీ ఇంతకంటే నమ్మకమైనది లేదు.

పీఎన్‌జీకున్న లోపం బరువు. ఒక్క అంకె కూడా వదలదు కాబట్టి ఫొటో లాంటి బొమ్మకు ఫైలు జేపెగ్ కంటే చాలా పెద్దదవుతుంది. ఈ చిక్కుకు గూగుల్ 2010లో ప్రకటించిన వెబ్‌పీ చక్కని పరిష్కారం చూపింది. మరుసటి ఏడాది దానికి పారదర్శకత చేర్చారు. రంగులను జేపెగ్‌లాగే కొంత వదిలేసి కుదిస్తుంది, ఆల్ఫాను మాత్రం వేరే భాగంలో దాస్తుంది, మామూలుగా ఒక్క అంకె కూడా పోకుండా. రంగులో చిన్న తేడా కన్ను క్షమిస్తుంది, అంచులో తేడాను క్షమించదు. ఆ తెలివిడి ఈ ఏర్పాటులో ఉంది. ఇలాంటి పారదర్శక వెబ్‌పీ సాధారణంగా పీఎన్‌జీలో మూడో వంతు ఉంటుందని గూగుల్ చెబుతుంది. వాట్సాప్ స్టికర్లు చాలావరకు 512 పిక్సెళ్ల చదరంలో ఉండే వెబ్‌పీలే, అందుకే వాటి చుట్టూ పెట్టె కనిపించదు. ఏవీఐఎఫ్ ఇంకా కొత్తది, అదీ ఆల్ఫాను వేరే బొమ్మగా జతచేస్తుంది. బ్రౌజర్లు ఈ రెండింటినీ చూపిస్తాయి. కానీ ఊళ్లోని ఫ్లెక్సీ సెంటర్‌లో పాత సాఫ్ట్‌వేర్ వాడుతుంటే తెరుచుకోకపోవచ్చు. వెబ్‌సైట్ కోసమైతే వెబ్‌పీ, మనిషి చేతికి ఇవ్వడానికైతే పీఎన్‌జీ.

ప్రెస్సులో అచ్చుకు వెళ్లే బొమ్మకు మాత్రం పీఎన్‌జీకీ ఒక హద్దుంది. నాలుగు సిరాల లెక్కను అది రాసుకోలేదు. సిరా లెక్కలు, పారదర్శకత రెండూ కావాలంటే ఫొటోషాప్ సొంత .psd ఫైలు గాని టిఫ్ గాని ఇవ్వాలి. పుస్తకాలు, శుభలేఖలు పీడీఎఫ్‌గా వెళుతుంటాయి. పీడీఎఫ్ లోపల రంగుల కోసం జేపెగ్‌ను, దాని పక్కనే పారదర్శకతకు వేరే ముసుగు బొమ్మను ఉంచే వీలుంది, కాబట్టి అక్కడా చిక్కు లేదు. ఇక దుకాణం లోగో లాంటివి గీతలూ అక్షరాలే కదా, వాటిని పిక్సెళ్లుగా కాక గీతలుగానే దాచే ఎస్‌వీజీ మేలు. గీసింది తప్ప మరేదీ ఉండదు కాబట్టి నింపడానికి నేపథ్యమే లేదు.

మంచి ఫార్మాట్‌లో సేవ్ చేసినా దారిలో పోవచ్చు. వాట్సాప్‌లో బొమ్మను ఫొటోగా పంపితే అది కుదించి జేపెగ్‌గా మారుస్తుంది, ఫిల్ అక్కడే పడుతుంది. అదే ఫైలును అటాచ్ గుర్తు నొక్కి డాక్యుమెంట్‌గా పంపితే ఒక్క బైటు కూడా మారకుండా చేరుతుంది. 2022 నుంచి ఐఫోన్‌లో ఫొటోలోని మనిషి మీద వేలు నొక్కి పట్టి కటౌట్ తీసుకునే సదుపాయం వచ్చాక ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువైంది. కటౌట్ బాగానే వస్తుంది, పంపే దారిలో పోతుంది.

చేతికొచ్చిన ఫైలు నిజంగా పారదర్శకమా కాదా అన్నది తోకను చూసి తేల్చకూడదు. photo.jpg పేరును photo.png అని మార్చినంత మాత్రాన లోపలి బొమ్మ మారదు. జేపెగ్‌ను తెరిచి పీఎన్‌జీగా సేవ్ చేసినా తెలుపు తెలుపుగానే ఉంటుంది, ఫైలు బరువు మాత్రం పెరుగుతుంది. ఎడిటర్లలో పారదర్శక భాగం వెనక బూడిద, తెలుపు గళ్లు కనిపిస్తాయి. అవి ఫైలులోనివి కావు, ఇక్కడ ఏమీ లేదని చెప్పడానికి ఎడిటర్ తాత్కాలికంగా గీసి చూపించేవి. ఇంటర్నెట్‌లో వెతికినప్పుడు దొరికే కొన్ని ‘పీఎన్‌జీ’ బొమ్మల్లో ఆ గళ్లు నిజంగానే బొమ్మలో భాగమై ఉంటాయి. డౌన్‌లోడ్ చేసి డిజైన్ మీద పెడితే గళ్లతో సహా వచ్చి కూర్చుంటాయి. అన్నిటికంటే సులువైన పరీక్ష ఏదైనా ముదురు రంగు పేజీ మీద ఆ బొమ్మను పెట్టి చూడటం. రంగు వెనక నుంచి కనిపిస్తే పారదర్శకం. అప్పుడు అంచులను పెద్దవి చేసి చూడాలి. బూడిద గీత ఉంటే ఈ ఫైలు ఒకప్పుడు తెల్ల జేపెగ్‌గా ఉండి, తరవాత కత్తిరించబడిందని అర్థం.

జేపెగ్‌ను పూర్తిగా మానాల్సిన పనేమీ లేదు. కటౌట్‌ను ఫ్లెక్సీ డిజైన్ మీద పెట్టి, మెరూన్ రంగూ పేర్లూ అన్నీ కుదిరాక, ఆ పూర్తయిన డిజైన్‌ను నలుగురికీ చూపించడానికి జేపెగ్ చేస్తే ఏ నష్టమూ లేదు. అప్పటికి ప్రతి పిక్సెల్ వెనకా ఏ రంగు ఉండాలో తేలిపోయి ఉంటుంది. నష్టమల్లా ఆ నిర్ణయం జరగకముందే జేపెగ్ చేయడంలో ఉంది. కాబట్టి కటౌట్ తయారవగానే ముందు పీఎన్‌జీగా ఒక కాపీ తీసి దాచుకోండి, అసలు ఫొటోను చెరపకండి, ఆపరేటర్‌కు డాక్యుమెంట్‌గానే పంపండి.